సోలార్ వాటర్ హీటరా, గీజరా? వరంగల్ ఇంటికి అసలు లెక్క, మబ్బు పట్టిన రోజు సంగతి

పోయిన వారం గీజర్ స్టార్ రేటింగ్ మీద ఎపిసోడ్ చేశాం కదా, దాని కింద ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "అన్నా, మాది హన్మకొండ, సొంత ఇల్లు. సోలార్ వాటర్ హీటర్ పెట్టిస్తే మూడేళ్లలో డబ్బులు తిరిగొస్తాయని షాపాయన చెప్తున్నడు, నిజమేనా?" ఒకరు కాజీపేట నుంచి, ఒకరు నర్సంపేట నుంచి, ఇంకొకరు బెంగళూరులో జాబ్ చేసుకుంటూ అమ్మానాన్నల కోసం. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దీని మీదే. పేపర్, పెన్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉన్నా చాలు.

జవాబు ముందే చెప్పేస్తా. వరంగల్‌లో అది మీ ఇంట్లో కరెంట్ ఎన్ని యూనిట్లు కాలుతోంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఎండ మీద కాదు. ఎండకు మనకేం కొదవ లేదు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో ఒకరికి ఐదేళ్లలో తిరిగొస్తుంది, ఇంకొకరికి హీటర్ పాతబడిపోయినా రాదు. అదెట్లా అన్నది చూద్దాం.

మొదట ఒక చిన్న ఫార్ములా. నీళ్లు కాచడానికి ఎంత కరెంట్ కావాలో తెలియాలంటే ఇదొక్కటి చాలు:

యూనిట్లు = లీటర్లు × ఎన్ని డిగ్రీలు పెంచాలి ÷ 860

ఒక లీటర్ నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో క్యాలరీ కావాలి, ఒక యూనిట్ కరెంట్‌లో 860 కిలో క్యాలరీలు ఉంటాయి, అంతే. ఇంటర్ ఫిజిక్స్. ఇప్పుడు మన బకెట్‌కు పెడదాం. డిసెంబర్ పొద్దున మేడ మీది ట్యాంక్ నీళ్లు ఓ 22 డిగ్రీలు అనుకుందాం. ఒంటికి హాయిగా ఉండే స్నానం నీళ్లు 42 డిగ్రీలు. 20 లీటర్ల బకెట్. 20 ఇంటూ 20, అంటే 400. దాన్ని 860తో భాగిస్తే 0.46. అంటే చలికాలంలో ఒక బకెట్ వేడినీళ్లకు దాదాపు అర యూనిట్. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

గీజర్‌లో కాచినా, బకెట్‌లో హీటర్ రాడ్ వేసి కాచినా ఇదే అర యూనిట్. గీజర్ కరెంట్‌ను దాదాపు మొత్తం వేడిగానే మారుస్తుంది, అక్కడ పోయేది ఏమీ లేదు. పోయేది ఎక్కడంటే, స్విచ్ ఆపకుండా వదిలేసినప్పుడు ట్యాంక్ గోడల్లోంచి చల్లారిపోయే వేడి. స్టార్ రేటింగ్ కొలిచేది దాన్నే. స్నానానికి ఇరవై నిమిషాల ముందు ఆన్ చేసి, అవగానే ఆఫ్ చేసే ఇంట్లో ఆ తేడా చాలా చిన్నది.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. నలుగురు మనుషులు, మనిషికి 25 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, మొత్తం రోజుకు 100 లీటర్లు. ఫార్ములాలో పెడితే 2.3 యూనిట్లు. గీజర్‌లో చల్లారేది, పైపుల్లో మిగిలిపోయేది కలుపుకొని రెండున్నర అనుకుందాం. నెలకు 75 యూనిట్లు.

ఇక్కడే షాపులవాళ్ల లెక్కకూ మన లెక్కకూ దారి వేరవుతుంది. 100 లీటర్ల సోలార్ హీటర్ ఏడాదికి 1,500 యూనిట్ల దాకా ఆదా చేస్తుందని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ చాలా ఏళ్లుగా చెప్తున్న మాట. బ్రోచర్లన్నీ ఆ అంకెనే వేసుకుంటాయి. అది అబద్ధం కాదు. కాకపోతే "దాకా" అన్న మాట చదవాలి. రోజుకు 5 యూనిట్ల చొప్పున 300 రోజులు వాడితేనే 1,500 అవుతుంది. హీటర్ అంత ఇవ్వగలదా అన్నది ఒక ప్రశ్న, మనం అంత వాడతామా అన్నది ఇంకో ప్రశ్న. మీరు వాడని వేడినీళ్లు మేడ మీద ఎంత మరిగినా మీ బిల్లులో పైసా తగ్గదు.

మరి వరంగల్‌లో ఎన్ని రోజులు వాడతాం? ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట నల్లా తిప్పితే వచ్చే నీళ్లకే చేతులు కాలతాయి. సోలార్ హీటర్ అవసరం లేకుండానే మీ సింటెక్స్ ట్యాంక్ సోలార్ హీటర్ అయిపోయి ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా గీజర్ స్విచ్ వైపు ఎవరూ చూడరు. గట్టిగా వాడేది నవంబర్ నుంచి ఫిబ్రవరి, 120 రోజులు. వానాకాలంలో, జులై నుంచి అక్టోబర్ దాకా, ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వాడతారు, మిగతావాళ్లు వాడరు. నీళ్లు కూడా అంత చల్లగా ఉండవు. అప్పుడు రోజుకు ముప్పావు యూనిట్, మహా అయితే ఇంకాస్త ఎక్కువ.

కలిపితే చలికాలం 300 యూనిట్లు, వానాకాలం ఓ 100. ఏడాదికి 400 యూనిట్లు. ఈ ఇంట్లో గీజర్ తినేదే అంత. అలాంటప్పుడు సోలార్ 1,500 ఎక్కడినుంచి ఆదా చేస్తుంది? అందులోనూ సోలార్ అన్ని రోజులూ పూర్తిగా ఇవ్వదు. చలికాలంలో పదింట తొమ్మిది వంతులు, వానాకాలంలో సగం ఇస్తుందనుకుంటే 270, 50. మొత్తం 320 యూనిట్లు.

బెంగళూరు నుంచి అడిగిన బ్రదర్‌కు ఇది ముఖ్యం. మీరుండే చోట ఏడాదిలో ఎక్కువ నెలలు పొద్దున వేడినీళ్లు కావాలి. అక్కడ ప్రతి మేడ మీదా సోలార్ హీటర్ కనిపించేది అందుకే. దానికి తోడు అక్కడి కరెంట్ కంపెనీ సోలార్ హీటర్ ఉన్న ఇళ్లకు బిల్లులో చిన్న తగ్గింపు కూడా ఇస్తూ వచ్చింది. ఆ అనుభవాన్ని తెచ్చి వరంగల్ మేడ మీద పెట్టకండి.

సరే, 320 యూనిట్లు. ఇప్పుడు వీటికి రేటు. మన టీజీఎన్‌పీడీసీఎల్ బిల్లులో స్లాబులు చూసే ఉంటారు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లతో లెక్క చేస్తున్నా, మీ బిల్లు వెనక ఉన్న రేట్లతో ఒకసారి పోల్చుకోండి. నెలకు 100 దాటి 200 లోపు అయితే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. కానీ 200 దాటిందంటే మొత్తం లెక్క మారిపోతుంది. మొదటి 200 యూనిట్లూ 5.10 చొప్పున పడతాయి, ఆ పైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు.

దీని అర్థం ఏంటో చూడండి. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటి కోడ్ రాస్తే రివ్యూలో తిట్లు పడేవి. కానీ స్లాబ్ అలాగే ఉంది, మనం దాని చుట్టూనే లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు సోలార్ ఖర్చు. గాజు గొట్టాలు ఉండే రకం, దాన్ని ఈటీసీ అంటారు, 100 లీటర్లది. కొటేషన్ కంపెనీని బట్టి, ట్యాంక్ స్టీల్‌ను బట్టి మారుతుంది. హీటర్‌కు 22,000, మేడ నుంచి బాత్‌రూమ్‌కు వేడినీళ్ల పైపు, వాల్వులు, ప్లంబర్ కూలి కలిపి 6,000, మొత్తం 28,000 అని నేను పెట్టుకుంటున్నా. మీ కొటేషన్ వేరైతే ఆ అంకె మార్చుకోండి. చాలామంది ఆ 6,000 మర్చిపోతారు. ఇంటి గోడల్లో వేడినీళ్ల పైప్‌లైన్ ముందే లేకపోతే అది ఇంకా పెరుగుతుంది. గీజర్ ఖర్చును ఇందులోంచి తీసెయ్యకండి, ఎందుకంటే మబ్బు రోజులకు గీజర్ ఎలాగూ కావాలి.

మొదటి ఇల్లు. గీజర్ కాకుండా నెలకు 110 యూనిట్లు. గీజర్ కలిపితే చలికాలంలో 185. 200 దాటలేదు. సోలార్ ఆదా చేసే ప్రతి యూనిట్ విలువ 4.80. 320 యూనిట్లకు ఏడాదికి 1,500 రూపాయలు. 28,000 రావాలంటే పద్దెనిమిదేళ్ల పైనే. హీటర్ ఆయుష్షే ఓ పదిహేనేళ్లు. ఈ ఇంటికి వద్దు. గీజర్ సరిపోతుంది, హాయిగా వాడుకోండి.

రెండో ఇల్లు. ఫ్రిజ్, రెండు టీవీలు, మోటార్, అన్నీ కలిపి గీజర్ లేకుండానే 250. గీజర్‌తో 325. ఇక్కడ ఆదా అయ్యే యూనిట్లు 7.70, 9 రూపాయల స్లాబుల్లోవి. చలికాలంలో నెలకు 550, నాలుగు నెలలకు 2,200. వానాకాలం ఇంకో 385. ఏడాదికి 2,600 దగ్గర. పది, పదకొండేళ్లు.

మూడో ఇల్లు అసలైనది, జాగ్రత్తగా వినండి. గీజర్ లేకుండా నెలకు 160 యూనిట్లు. గీజర్ పెడితే 235. అంటే గీజర్ వల్లే 200 దాటుతోంది. ఈ ఇంటికి గృహజ్యోతి ఉందనుకోండి. 2024 మార్చి నుంచి అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది కదా. 200 దాటిన నెల ఆ జీరో బిల్లు రాదు, మొత్తం కట్టాలి. 235 యూనిట్లకు ఎనర్జీ చార్జీయే 1,290 రూపాయలు. అంటే ఈ ఇంట్లో చలికాలం గీజర్ ఖర్చు నెలకు 1,290. సోలార్ పెట్టి 168కి తగ్గిస్తే బిల్లు మళ్లీ జీరో. నాలుగు నెలలకు 5,160. ఐదున్నరేళ్లలో 28,000 వచ్చేస్తుంది. అదే ఇంటికి గృహజ్యోతి లేకపోతే ఏడాదికి 2,740, పదేళ్లు.

అయితే ఈ మూడో ఇంటివాళ్లకు ఇంకో మాట. మీకు తగ్గాల్సింది నెలకు 35 యూనిట్లు మాత్రమే. దానికి 28,000 పెట్టాలా? నలుగురిలో ఇద్దరికి కట్టెల పొయ్యి మీదో, గ్యాస్ మీదో నీళ్లు పెట్టినా 200 లోపు వచ్చేస్తుంది. గ్యాస్‌కు ఖర్చుంది, కానీ జీరో బిల్లు పోవడమంత కాదు. ఊరి వైపు ఇళ్లలో ఇప్పటికీ రాగి డేగిసాలో నీళ్లు కాగుతుంటాయి కదా, వాళ్లు తెలియకుండానే ఈ స్లాబ్ లెక్క గెలుస్తున్నారు. పొగ సంగతి వేరే అనుకోండి.

ఉమ్మడి కుటుంబం, ఏడుగురు, 200 లీటర్ల హీటర్ అయితే మొత్తం 40,000 పైచిలుకు అనుకున్నా ఎనిమిదేళ్లలో వస్తుంది, బేస్ వాడకం 300 దాటి ఉంటే. హాస్టల్, లాడ్జి, నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లకు లెక్క పూర్తిగా వేరు. వాళ్లకు మనుషులు ఎక్కువ, రేటు ఎక్కువ, పెట్టిస్తే తొందరగానే వస్తుంది.

సబ్సిడీ గురించి కూడా అడిగారు. సోలార్ వాటర్ హీటర్‌కు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు ఎవరైనా మీకు "పీఎం సూర్యఘర్ కింద వాటర్ హీటర్" అని అమ్మితే ఆగండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకం కరెంట్ తయారుచేసే ప్యానెళ్లకు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండుకు 60,000, మూడు, ఆ పైన ఎంతైనా 78,000. నీళ్ల హీటర్‌కు కాదు.

అసలు రెండో ఇంటివాళ్లు చూడాల్సింది ఈ ప్యానెళ్లనే అని నా అభిప్రాయం. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఏడాదికి 1,400 దాకా. సబ్సిడీ పోను 35,000 పడిందనుకోండి, యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా నాలుగేళ్ల లోపే తిరిగొస్తుంది. కారణం సింపుల్. వాటర్ హీటర్ మే నెలలో ఎండంతా పట్టి మీకు అక్కర్లేని వేడినీళ్లు ఇస్తుంది. ప్యానెల్ అదే ఎండతో మీ ఫ్యాన్, కూలర్, ఏసీ బిల్లు తగ్గిస్తుంది. చలికాలంలో అదే ప్యానెల్ గీజర్ కరెంట్ కూడా ఇస్తుంది. కాకపోతే మేడ మీద వాటర్ హీటర్‌కు రెండు మంచాలంత చోటు చాలు, ప్యానెల్‌కు ఒక చిన్న గదంత చోటు నీడ పడకుండా ఉండాలి.

ఇంత చెప్పినా కొంతమంది వాటర్ హీటరే పెట్టిస్తారు. పొద్దున లేచి నల్లా తిప్పితే వేడినీళ్లు రావడం, కరెంట్ పోయినా రావడం, ఆ సుఖానికి డబ్బు లెక్క వేయలేం. ఆల్రెడీ పెట్టించినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇప్పుడు మబ్బు సంగతి.

నలుగురూ రోజూ స్నానం చేసే ఇల్లే తీసుకుందాం. 100 లీటర్ల ఈటీసీ, పదిహేను గొట్టాలు. డిసెంబర్‌లో మంచి ఎండ ఉన్న రోజు ఇది నాలుగు యూనిట్ల వేడి పడుతుంది. మన ఫార్ములా తిరగేస్తే 100 లీటర్లు 34 డిగ్రీలు పెరుగుతాయి. 22 నుంచి 56. రాత్రంతా ట్యాంక్‌లో ఉండి పొద్దున 50 దగ్గర ఉంటాయి. 50 డిగ్రీల నీళ్లతో నేరుగా స్నానం చేయం, చల్లనీళ్లు కలుపుతాం. 100 లీటర్ల స్నానం నీళ్లకు వేడివి 70 లీటర్లు చాలు. ఇంకో 30 మిగులుతాయి. హాయిగా గడిచిపోతుంది.

ఇప్పుడు బంగాళాఖాతంలో తుఫాను. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇటు మన వైపు కూడా వాన, ముసురు గుర్తుందా, అలాంటి రోజులు. దట్టమైన మబ్బులో కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి గొట్టాలు కొంత పడతాయి, కానీ మంచి రోజులో ఆరో వంతు. 100 లీటర్లకు ఆరు డిగ్రీలే పెరుగుతుంది.

మొదటి మబ్బు రోజు పొద్దున మీకు ఏమీ తెలియదు. ఎందుకంటే మీరు వాడేది నిన్నటి ఎండ. బయట చినుకులు పడుతుంటాయి, లోపల 50 డిగ్రీల నీళ్లు వస్తుంటాయి. "అరె, వానలో కూడా పని చేస్తోంది" అనుకుంటారు. స్నానాలు అయ్యాక మిగిలిన 30 లీటర్ల వేడినీళ్లలో 70 లీటర్ల చల్లనీళ్లు చేరి మొత్తం 30 డిగ్రీలకు వస్తుంది. రోజంతా మబ్బు, ఆరు డిగ్రీలు పెరిగి 36. రెండో పొద్దుటికి 34. గోరువెచ్చన కూడా కాదు, చల్లదనం విరిగింది అంతే. నలుగురూ చల్లనీళ్లు కలపకుండా వాడతారు, ట్యాంక్ ఖాళీ. మూడో పొద్దున 27, 28. అంటే చన్నీళ్లు. సోలార్ హీటర్ ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగా స్పందిస్తుంది, అది గుర్తుంటే చాలు. మబ్బు విడిచి ఎండ వచ్చిన రోజు కూడా ఆ పొద్దున కాదు, మర్నాడు పొద్దున వేడినీళ్లు.

పల్చటి మబ్బు, మధ్యమధ్యలో ఎండ అయితే సగం దాకా వస్తుంది. అప్పుడు పెద్దవాళ్లు ముందు స్నానం చేసి, కుర్రాళ్లు తర్వాత చేస్తే సరిపోతుంది. జులై, ఆగస్టుల్లో వాడకం తక్కువ కాబట్టి ట్యాంక్ రెండు రోజులు ఆగుతుంది. కానీ 2023 జులై చివర్లో వరంగల్ మునిగిన వారం లాంటిది వస్తే ఏ సోలార్ హీటరూ ఏమీ చేయలేదు.

అందుకే బ్యాకప్. దీని దగ్గరే చాలా ఇళ్లలో ఆదా అంతా పోతుంది. షాపులో సోలార్ ట్యాంక్‌లోనే 2 కిలోవాట్ల కాయిల్ పెట్టిస్తారు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. సమస్య ఏంటంటే మీకు రెండు బకెట్లు కావాల్సినా అది మొత్తం 100 లీటర్లు కాచాలి. 34 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే మూడు యూనిట్లు, గంటన్నర. ఇంకా పెద్ద సమస్య, దాని స్విచ్ ఆన్‌లో వదిలేయడం. వానాకాలంలో ఆన్ చేస్తారు, ఎండ వచ్చాక ఆపడం మర్చిపోతారు. అప్పుడు స్నానాలు అవగానే ట్యాంక్‌లోకి వచ్చిన చల్లనీళ్లను పొద్దున తొమ్మిదింటికే కరెంట్ కాచేస్తుంది. పదింటికి ఎండ వచ్చేసరికి నీళ్లు ఆల్రెడీ 60. ఎండకు చేయడానికి పని లేదు. మేడ మీద సోలార్ ఉంటుంది, బిల్లు గీజర్ కంటే ఎక్కువ వస్తుంది. "సోలార్ పెట్టినా బిల్లు తగ్గలేదు" అని చెప్పే ఇళ్లలో నేను మొదట అడిగేది ఈ స్విచ్ గురించే.

నా మాట వింటే సోలార్ ట్యాంక్‌లో కాయిల్ పెట్టించకండి. బాత్‌రూమ్‌లో ఉన్న 15 లీటర్ల గీజర్‌ను తీసెయ్యకండి. సోలార్ నుంచి వచ్చే పైపును గీజర్ ఇన్‌లెట్‌కు ఇప్పించండి. అప్పుడు 34 డిగ్రీల నీళ్లు గీజర్‌లోకి వస్తాయి, మిగతా ఎనిమిది పది డిగ్రీలు అది పెంచుతుంది. బకెట్‌కు అర యూనిట్ బదులు ఐదో వంతు యూనిట్ చాలు. మబ్బు రోజు కూడా సోలార్ పడిన ఆరు డిగ్రీలు వృథా పోవు. ఒక్క జాగ్రత్త, గీజర్‌ను పక్కనబెట్టి సోలార్ నీళ్లు నేరుగా నల్లాకు వెళ్లేలా బైపాస్ వాల్వ్ పెట్టించండి. వేసవిలో ఎవరూ వాడక సోలార్ ట్యాంక్ 80 డిగ్రీలు దాటుతుంది, ఆ నీళ్లు గీజర్‌లోకి పోతే దాని కటాఫ్ ట్రిప్ అవుతుంది. పిల్లలున్న ఇంట్లో వేసవిలో ఆ వేడినీళ్ల లైన్ మొత్తానికే కట్టేయండి, నల్లా తిప్పితే చర్మం ఊడుతుంది.

ఫిట్టింగ్‌లో నేను రెండే చూడమంటాను. ఒకటి, మీ చల్లనీళ్ల ట్యాంక్ అడుగు సోలార్ ట్యాంక్ కంటే ఎత్తులో ఉండాలి. ఈ హీటర్‌లో మోటార్ ఉండదు, నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి వచ్చి నింపాలి. సింటెక్స్‌ను మేడ నేల మీదే పెట్టి ఉంటే సోలార్ ట్యాంక్ సగమే నిండుతుంది, నల్లాలో ఆవిరి, బుడగలు వస్తాయి. రెండు, సోలార్ ట్యాంక్ మీద నుంచి పైకి నిలబడే సన్నని గాలి పైపు. దాని పైకొన చల్లనీళ్ల ట్యాంక్ నీటి మట్టం కంటే పైన ఉండాలి, ఎప్పుడూ తెరిచి ఉండాలి. నీళ్లు కారుతున్నాయని దాన్ని మూసేసినవాళ్లు ఉన్నారు. మూస్తే ఆవిరి ఒత్తిడికి ట్యాంక్ ఉబ్బిపోతుంది, లేదా నీళ్లు దిగేటప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది. ఇక దిశ సంగతి, మనం భూమధ్యరేఖకు 18 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం, కాబట్టి గొట్టాలు దక్షిణం వైపు చూడాలి. చలికాలం సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి 28, 30 డిగ్రీల వాలు బాగుంటుంది.

బోరు నీళ్లు గట్టివైతే రాగి పైపుల ఫ్లాట్ ప్లేట్ రకం జోలికి పోకండి, సన్నటి పైపుల్లో తెల్లటి సున్నం పేరుకుని మూసుకుపోతుంది. గాజు గొట్టాలు వెడల్పుగా ఉంటాయి, ఏడాదికోసారి అడుగున పేరుకున్నది కడిగేస్తే సరి.

వేడి తగ్గిందని అనిపిస్తే ఇలా చెక్ చేయండి. ప్రతి గొట్టం కింది కొన దగ్గర అద్దంలా మెరిసే వెండి రంగు పూత కనిపిస్తుంది. గొట్టం రెండు పొరల మధ్య గాలి లేదని చెప్పే గుర్తు అది. లోపలికి గాలి చేరితే ఆ వెండి రంగు పోయి సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతుంది. మధ్యాహ్నం గొట్టాన్ని పైన ముట్టుకుని చూసినా తెలుస్తుంది. బాగున్నది చల్లగానే ఉంటుంది, పాడైనది వేడిగా తగులుతుంది, అంటే లోపలి వేడి బయటికి కారుతోందన్నమాట. ఆ ఒక్క గొట్టం మారిస్తే చాలు, మొత్తం హీటర్ మార్చమనేవాళ్ల మాట వినకండి.

ఇంకొకటి, కోతులు. నవ్వకండి, మన వరంగల్‌లో గొట్టాలు పగలడానికి వడగళ్ల కంటే కోతులే ఎక్కువ కారణం. ఒక గొట్టం పగిలితే ట్యాంక్ నీళ్లన్నీ దాంట్లోంచి కారిపోతాయి, పైనున్న చల్లనీళ్లు కూడా వచ్చి కారుతూనే ఉంటాయి. కాబట్టి సోలార్‌కు వచ్చే చల్లనీళ్ల పైపుకు విడిగా ఒక వాల్వ్ ఉండాలి, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. పగిలినప్పుడు అది కట్టేయండి. కొత్త గొట్టం వేశాక మధ్యాహ్నం ఎండలో నీళ్లు వదలకండి. ఖాళీ గొట్టం లోపల విపరీతంగా కాలి ఉంటుంది, చల్లనీళ్లు తగిలితే టప్పున పగులుతుంది. పొద్దున్నే, లేదా సాయంత్రం చల్లబడ్డాక నింపండి.

మీ ఇంటి లెక్క కావాలంటే రెండు అంకెలు కామెంట్‌లో పెట్టండి: మే నెల కాకుండా మార్చి బిల్లులో ఎన్ని యూనిట్లు, డిసెంబర్ బిల్లులో ఎన్ని. మార్చిలో గీజరూ ఉండదు, ఏసీ కూడా ఇంకా మొదలై ఉండదు, కాబట్టి ఆ రెండింటి తేడా దాదాపు మీ గీజర్ వాడకమే. గృహజ్యోతి ఉందో లేదో కూడా రాయండి.